కదలకుండా పడుకున్నా ఖర్చయ్యే శక్తి

1931లో మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన ఎలినార్ మేసన్, అమెరికాలోని బోస్టన్‌లో పోషకాహార ప్రయోగశాలను నడుపుతున్న ఫ్రాన్సిస్ బెనెడిక్ట్‌తో కలిసి దక్షిణ భారత స్త్రీల మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. పరగడుపున, మెలకువగా, కదలకుండా పడుకున్న మనిషి ఒంట్లో రోజుకు ఎంత శక్తి ఖర్చవుతుందన్నదే వాళ్ల ప్రశ్న. అమెరికన్ స్త్రీలను కొలిచి కట్టిన ప్రమాణం ఎంత చెబుతోందో, మన ఆడవాళ్లు అంతకన్నా బాగా తక్కువ ఖర్చు చేస్తున్నారని తేలింది. కారణం ఎండలా? తరాల తరబడి అరకొర తిండితో ఒళ్లు పొదుపుకు అలవాటు పడిందా? లేక జాతిలోనే ఆ తేడా ఉందా? ఈ ప్రశ్నకు గట్టి జవాబు దొరకడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది.

ఆ ఖర్చునే బేసల్ మెటబాలిక్ రేట్ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో మూల జీవక్రియ రేటు. ఈరోజు జిమ్ముల్లో, మందుల షాపుల్లో బరువు తూచే యంత్రాలు చీటీ మీద బీఎంఆర్ అని ముద్రించి ఇచ్చే అంకె దీని గురించే. అయితే ఆ యంత్రం దాన్ని కొలవలేదు, లెక్క కట్టింది. కొలవడమంటే ఏమిటో, లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియకపోతే ఆ చీటీ మనల్ని అనవసరంగా భయపెడుతుంది, లేదా అనవసరంగా ఊరిస్తుంది.

ముందు ఈ శక్తి ఎక్కడికి పోతోందో చూద్దాం. పడుకున్నా గుండె కొట్టుకుంటుంది, మూత్రపిండాలు రక్తాన్ని వడగడతాయి, కాలేయం చక్కెరనూ ప్రొటీన్లనూ తయారుచేస్తుంది, మెదడు తన నాడీకణాల్లో విద్యుత్ తేడాను నిలబెట్టుకుంటూ ఉంటుంది. ఈ ఖర్చు శరీరమంతా సమానంగా పరచుకుని ఉండదు. గుండె, మూత్రపిండాలు కిలోకు రోజుకు సుమారు 440 కిలో క్యాలరీలు ఖర్చు చేస్తాయి. మెదడు కిలోకు 240, కాలేయం 200. విశ్రాంతిలో ఉన్న కండ మాత్రం కిలోకు 13 దగ్గరే ఆగుతుంది. కొవ్వు అయితే నాలుగున్నర. మెదడు, గుండె, కాలేయం, మూత్రపిండాలు కలిపి ఒంటి బరువులో ఇరవయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటాయి. విశ్రాంతి ఖర్చులో దాదాపు అరవై శాతం వాటిదే.

ఇక్కడ జిమ్ముల్లో తరచూ వినిపించే ఒక మాటను సరిదిద్దాలి. కండ పెంచితే కూర్చున్నా కొవ్వు కరుగుతుందంటారు. రెండు కిలోల కండ పెంచడానికి చాలామందికి నెలల కష్టం పడుతుంది. పైన చెప్పిన లెక్కన ఆ రెండు కిలోలూ విశ్రాంతిలో రోజుకు అదనంగా ఖర్చు చేసేది 26 కిలో క్యాలరీలు. పాలూ చక్కెరా వేసిన టీలో సగం కప్పు కూడా కాదు. కండ పెంచడానికి వేరే మంచి కారణాలు బోలెడున్నాయి. వయసు మీద పడ్డాక కింద పడకుండా ఉండటం, చక్కెర అదుపులో ఉండటం వాటిలో ముఖ్యమైనవి. బీఎంఆర్ పెరుగుతుందనే ఆశతో మాత్రం బరువులు ఎత్తితే నిరాశే మిగులుతుంది.

కొలిచే పని కష్టమంతా షరతులు పాటించడంలో ఉంది. మనిషి రాత్రి భోంచేశాక కనీసం పది, పన్నెండు గంటలు ఏమీ తినకూడదు. పొద్దున కాఫీ, సిగరెట్ ఉండకూడదు. ముందు రోజు ఒళ్లు అలిసే పని చేసి ఉండకూడదు. గది చలి వేయకుండా, చెమట పట్టకుండా ఉండాలి. పడుకున్నాక అరగంట సేపు మనసు కుదుటపడనివ్వాలి. అలాగని నిద్రపోనివ్వకూడదు. నిద్రలో ఖర్చు ఇంకా తగ్గుతుంది. మేసన్, బెనెడిక్ట్ 1934లో దక్షిణ భారత స్త్రీల నిద్ర మీద ప్రత్యేకంగా ఇంకో పత్రం రాయడానికి కారణం ఇదే. ఈ నియమాల్లో ఒకటి రెండు సడలించి కొలిస్తే వచ్చేదాన్ని విశ్రాంతి జీవక్రియ రేటు అంటారు. అది బేసల్ కంటే కాస్త ఎక్కువగా వస్తుంది. ఆసుపత్రుల్లో కొలిచేది ఎక్కువగా అదే.

కొలత మాత్రం ఊపిరి నుంచి వస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు లవోజియే, లాప్లాస్ ఒక గినీ పందిని మంచు నింపిన పాత్ర మధ్యలో ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. అది వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నూ కొలిచారు. ప్రాణి ఊపిరి తీయడమూ బొగ్గు మండటమూ మూలంలో ఒకే రకం చర్య అని వాళ్లు గ్రహించారు. 1890ల్లో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో అట్‌వాటర్, రోజా మనిషి పట్టేంత గదినే కట్టారు. అందులో మంచం, కుర్చీ, బల్ల వేసి మనుషులను రోజుల తరబడి ఉంచారు. గోడల లోపల గొట్టాల్లో పారే నీరు ఎంత వేడెక్కిందన్న దాన్ని బట్టి ఒంట్లోంచి వచ్చిన వేడిని లెక్కించారు. ఊపిరి నుంచి లెక్కగట్టిన శక్తీ, గోడలు పట్టుకున్న వేడీ సరిపోలాయి. ఆ తర్వాత ప్రతిసారీ వేడినే కొలవాల్సిన అవసరం లేకపోయింది. పీల్చుకున్న ఆక్సిజన్, వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఎంతో తెలిస్తే చాలు.

ఈరోజు వాడేది పారదర్శకమైన ప్లాస్టిక్ గుమ్మటం. మనిషి పడుకుంటే తల మీద దాన్ని కప్పి, గాలి బయటికి జారకుండా మెడ చుట్టూ పల్చటి షీటు సర్దుతారు. ఒక పంపు గుమ్మటంలోంచి గాలిని నిలకడగా లాగుతుంది. ఆ గాలిలో ఆక్సిజన్ ఎంత తగ్గిందో, కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరిగిందో యంత్రం చూస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 45 ఏళ్లు, 60 కిలోలు, 155 సెంటీమీటర్ల ఎత్తున్న గృహిణి అనుకోండి. పంపు నిమిషానికి 25 లీటర్ల గాలిని లాగుతోంది. ఆమె నిమిషానికి 170 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటూ, 139 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. 1949లో వైర్ అనే శాస్త్రజ్ఞుడు ఇచ్చిన సూత్రం ఇప్పటికీ అందరూ వాడేదే. మూత్రంలో పోయే నైట్రోజన్ కోసం ఉన్న చిన్న సవరణను పక్కన పెడితే అది ఇది:

```
kcal/min = 3.941 × VO2 + 1.106 × VCO2
         = 3.941 × 0.170 + 1.106 × 0.139
         = 0.8237
0.8237 × 1440 = 1186 kcal/day
```

ఇందులో VO2, VCO2 అంటే నిమిషానికి లీటర్లలో వాడిన ఆక్సిజన్, వదిలిన కార్బన్ డయాక్సైడ్. 1440 అంటే రోజులోని నిమిషాలు. ఆమె ఒళ్లు ఏమీ చేయకుండా రోజుకు ఖర్చు చేసేది దగ్గర దగ్గర 1190 కిలో క్యాలరీలు.

ఈ కొలత నమ్మదగినదేనా అని ఎలా తెలుస్తుంది? వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను వాడిన ఆక్సిజన్‌తో భాగించండి: 139ని 170తో భాగిస్తే 0.82. పిండి పదార్థం ఒక్కటే మండితే ఈ నిష్పత్తి 1.0 వస్తుంది, కొవ్వు ఒక్కటే మండితే 0.7. రాత్రంతా ఉపవాసం ఉన్న మనిషిలో 0.8కి కాస్త అటూ ఇటూగా ఉండటం సహజం. 0.95 వచ్చిందంటే ఆమె పొద్దున ఏదో తినైనా ఉండాలి, కంగారులో ఊపిరి గబగబా తీసుకునైనా ఉండాలి. 0.7 కన్నా కిందికి పోతే గాలి ఎక్కడో కారుతోంది, లేదా యంత్రం సరిగ్గా లేదు. యంత్రాన్ని పరీక్షించడానికి గుమ్మటం కింద తూచిన ఆల్కహాల్‌ను మండిస్తారు. ఆల్కహాల్ మండితే నిష్పత్తి కచ్చితంగా 0.667 రావాలి. రాకపోతే ఆ రోజు కొలతలన్నీ పక్కన పెట్టాల్సిందే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే కొలిచే తేడా చాలా సన్నది. పై ఉదాహరణలో ఆక్సిజన్ 20.93 శాతం నుంచి దాదాపు 20.25 శాతానికి మాత్రమే దిగుతుంది. యంత్రం ఆ శాతాన్ని 0.05 తేడాతో తప్పు చదివిందంటే వాడిన ఆక్సిజన్ లెక్క ఏడు శాతం దాకా తప్పుతుంది. గుమ్మటం కింద మనిషి మొదట కాస్త బెదురుతాడు. అందుకే తొలి అయిదు నిమిషాల అంకెలను వదిలేసి, ఊపిరి నిలకడగా ఉన్న సమయాన్నే తీసుకుంటారు.

ఇదే గృహిణికి లెక్కలు ఏం చెబుతాయో చూడండి. 1919 నాటి హారిస్–బెనెడిక్ట్ సూత్రం 1305 అంటుంది. అదే బెనెడిక్ట్. 1985లో ఐక్యరాజ్యసమితి సంస్థలు ఇచ్చిన సూత్రం 1351 అంటుంది. 1990లో వచ్చిన మిఫ్లిన్ సూత్రం 1183 అంటుంది. బరువు, ఎత్తు, వయసు అడిగి బీఎంఆర్ చెప్పే చాలా ఫోన్ యాప్‌ల వెనక ఉన్నది ఈ చివరిదే. ఒకే మనిషికి 170 దాకా తేడా! ఈ ఉదాహరణలో మిఫ్లిన్ దగ్గరగా వచ్చింది. ఇంకో మనిషి విషయంలో అది కూడా వంద, నూట యాభై అటూ ఇటూ పోవచ్చు. సూత్రం చెప్పేది అలాంటి కొలతలున్న మనుషుల సగటు. మీరు ఆ సగటుకు పైనున్నారో కిందున్నారో దానికి తెలియదు.

ఇప్పుడు మద్రాసు ప్రశ్న దగ్గరికి వద్దాం. పాశ్చాత్య సూత్రాలు భారతీయులకు ఎక్కువ చూపిస్తున్నాయని పదే పదే తేలింది. అందుకే భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం అంతర్జాతీయ సూత్రం నుంచి అయిదు శాతం తగ్గించి మన సూత్రాలు తయారుచేసింది. మన దేశంలో ఎవరు ఎంత తినాలో చెప్పే సిఫార్సులకు చాలాకాలం అవే పునాది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆ సిఫార్సులను వెలువరించింది. 30 నుంచి 60 ఏళ్ల స్త్రీకి బరువును 8.3తో గుణించి 788 కలపాలి. మన గృహిణికి అది 1286 అవుతుంది.

కానీ అయిదు శాతం తగ్గించడం సర్దుబాటే తప్ప కారణం చెప్పడం కాదు. కారణం బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో మొదలైన పనిలో తేటపడింది. అక్కడి నుంచి వచ్చిన మారియో సోరెస్, ప్రకాశ్ శెట్టి మరికొందరితో కలిసి భారతీయుల కొలతలనూ ఆస్ట్రేలియన్ల కొలతలనూ పక్కపక్కన పెట్టి చూశారు. బరువుతో పోల్చితే తేడా ఉంది. ఒంట్లోంచి కొవ్వు తీసేయగా మిగిలిన భాగంతో, అంటే కండ, అవయవాలు, ఎముకల బరువుతో పోల్చితే తేడా కనిపించలేదు. జాతి ప్రభావం ఉందనడానికి ఆధారం లేదని 1998లో ప్రచురించారు. ఒకే బరువున్న భారతీయుడికీ యూరోపియన్‌కూ మధ్య అసలు తేడా ఒంట్లో ఏది ఎంతుంది అన్నదే. సగటున మనకు కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. తరాల ఆకలి మన ఒంటిని పొదుపరిని చేసిందన్న కథ వినడానికి బాగుంటుంది గానీ, ఈ కొలతల ముందు నిలబడలేదు.

స్త్రీ పురుషుల మధ్య తేడాలో పెద్ద భాగం కూడా ఇక్కడే తేలిపోతుంది. వయసు విషయం మాత్రం చాలామంది అనుకునేదానికి భిన్నం. 2021లో హర్మన్ పాంట్జర్ బృందం 29 దేశాలకు చెందిన 6,421 మంది కొలతలను కలిపి చూసింది. ఎనిమిది రోజుల పసికందు నుంచి 95 ఏళ్ల వృద్ధుల దాకా ఉన్నారు. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక, ఏడాది పాప పెద్దవాళ్ల కన్నా దాదాపు యాభై శాతం ఎక్కువ ఖర్చు చేస్తుంది. ఇరవై ఏళ్ల దాకా అది మెల్లగా దిగుతుంది. ఇరవై నుంచి అరవై వరకు దాదాపు కదలదు. అరవై దాటాకే ఏడాదికి ఒక శాతం కన్నా తక్కువ వేగంతో తగ్గడం మొదలవుతుంది. నలభై దాటగానే మెటబాలిజం పడిపోయిందని చెప్పుకునే మాటకు ఈ కొలతల్లో చోటు లేదు. నలభైల్లో నడుము పెరుగుతోందంటే వెతకాల్సింది తిండిలో, తగ్గిన కదలికలో, తగ్గిన నిద్రలో.

బీఎంఆర్‌ను నిజంగా ఊపేవి రెండు. మొదటిది థైరాయిడ్. ఆ గ్రంథి మందగిస్తే విశ్రాంతి ఖర్చు బాగా పడిపోతుందని, విజృంభిస్తే బాగా పెరుగుతుందని జర్మన్ వైద్యుడు మాగ్నస్ లెవీ 1895లోనే చూపించాడు. హార్మోన్లను రక్తంలో నేరుగా కొలిచే పరీక్షలు రాకముందు, థైరాయిడ్ రోగాన్ని పట్టుకోవడానికి డాక్టర్లకు బీఎంఆరే ప్రధానమైన పరీక్ష. ఆసుపత్రుల్లో దానికోసం ప్రత్యేక యంత్రాలుండేవి. జ్వరం కూడా అలాంటిదే, ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఖర్చు పది శాతానికి పైగా పెరుగుతుంది. గర్భం చివరి నెలల్లోనూ పెరుగుతుంది. నెలసరికి ముందు రోజుల్లో కొందరిలో స్వల్పంగా పెరుగుతుంది.

రెండోది ఆకలి. 1944–45లో మినెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను 24 వారాలు సగం తిండి మీద ఉంచాడు. యుద్ధంలో ఆకలితో అలమటించిన వాళ్లకు తిరిగి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. వాళ్ల బీఎంఆర్ దాదాపు నలభై శాతం పడిపోయింది. ఒళ్లు చిక్కినందువల్ల తగ్గాల్సిన దానికన్నా కూడా ఎక్కువే తగ్గింది. 2016లో కెవిన్ హాల్ బృందం అమెరికా టీవీ పోటీలో వేగంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత కొలిచింది. చాలామంది తగ్గించుకున్న బరువులో చాలా భాగం తిరిగి పెరిగారు. అయినా వాళ్ల విశ్రాంతి ఖర్చు ఉండాల్సిన దానికన్నా సగటున రోజుకు 500 కిలో క్యాలరీలు తక్కువగానే ఉంది. అయిదారు వందల క్యాలరీల క్రాష్ డైట్ అమ్మేవాళ్లు ఈ సంగతి ముందే చెప్పాలని నా అభిప్రాయం.

ఇంతదాకా పడుకున్న మనిషి సంగతి. లేచి తిరిగే మనిషి రోజంతా ఎంత ఖర్చు చేస్తాడో గుమ్మటం చెప్పలేదు. గుమ్మటం తలకెత్తుకుని బజారుకు వెళ్లలేం కదా. చిన్న గది కట్టి మనిషిని రోజంతా అందులో ఉంచే పద్ధతి ఇప్పటికీ ఉంది. అది చాలా కచ్చితమైనది, కానీ గదిలో మనిషి గదిలో మనిషిలాగే బతుకుతాడు. పొలానికి వెళ్లడు, పిల్లాడి వెంట పరిగెత్తడు.

దీనికి పరిష్కారం గ్లాసెడు నీళ్లలో ఉంది. మినెసోటాలోనే నేథన్ లిఫ్సన్ 1949లో ఒక సంగతి కనిపెట్టాడు. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్ ఒంట్లోని నీటిలో ఉండే ఆక్సిజన్‌తో నిరంతరం మారుతూ ఉంటుంది. అంటే నీటిలోని హైడ్రోజన్ ఒంట్లోంచి పోవడానికి నీరే దారి. మూత్రం, చెమట, ఊపిరి తేమ. ఆక్సిజన్‌కు మాత్రం రెండు దారులు: నీరు, కార్బన్ డయాక్సైడ్. ఒక పెళ్లి హాల్లో ఎరుపు చొక్కాల వాళ్లకు ఒకే తలుపు, నీలం చొక్కాల వాళ్లకు రెండు తలుపులు తెరిచి ఉంచితే, నీలం వాళ్లు ఎంత తొందరగా ఖాళీ అయ్యారో చూసి రెండో తలుపు గుండా ఎందరు పోయారో చెప్పవచ్చు.

ఆ గుర్తుపట్టే చొక్కాలు రెండు రకాల బరువైన పరమాణువులు. హైడ్రోజన్ బదులు డ్యుటీరియం, మామూలు ఆక్సిజన్ బదులు ఆక్సిజన్-18. రెండూ ప్రకృతిలో కొద్దిగా ఉండేవే, వాటికి రేడియోధార్మికత లేదు. ముందుగా ఒకసారి మూత్రం తీసుకుంటారు. తర్వాత తూచిన మోతాదులో ఆ నీళ్లు తాగిస్తారు. ఒకటి రెండు వారాల పాటు మనిషి తన ఇంట్లో, తన పనిలో ఉంటాడు, అప్పుడప్పుడూ సీసాలో మూత్రం పట్టి ఇస్తాడు. మాస్ స్పెక్ట్రోమీటర్ రెండు రకాల పరమాణువులు ఎంత వేగంగా తగ్గాయో చూపిస్తుంది. ఆ తేడాయే వదిలిన కార్బన్ డయాక్సైడ్. అక్కడి నుంచి శక్తి లెక్క కట్టవచ్చు. ఎలుకలతో మొదలైన ఈ పద్ధతి మనుషుల దాకా రావడానికి 1982 దాకా ఆగాల్సి వచ్చింది. ఆక్సిజన్-18 ఖరీదైనది, మనిషి బరువుకు తగిన మోతాదు కావాలి. కొలిచే యంత్రాలు మెరుగుపడి తక్కువ మోతాదుతో పని జరిగాకే డేల్ షోలర్ దాన్ని మనుషుల మీద వాడి చూపించాడు.

దీని పరిమితి కూడా తెలుసుకోవాలి. ఇది వారం, రెండు వారాల సగటే చెబుతుంది. మంగళవారం నడకకు ఎంత పోయింది, ఆదివారం పడకకు ఎంత మిగిలింది అని విడదీయలేదు.

మన గృహిణి ఈ నీళ్లు తాగిందనుకుందాం. రెండు వారాల సగటు రోజుకు 1780 వచ్చింది. పడుకుని కొలిచినది 1186. తిన్నది అరిగించుకోవడానికి పదో వంతు, అంటే 178. మిగిలిన 416 వంట, బట్టలు, మెట్లు, నడక. 1780ని 1186తో భాగిస్తే 1.5. శరీరశ్రమ పెద్దగా లేని ఇంటి జీవితానికి ఇది మామూలు అంకె. రోజంతా పొలంలో వంగి పనిచేసే మనిషికి రెండుకు చేరవచ్చు. ఇక ఆమె తిన్నదంతా పుస్తకంలో రాసుకుందనీ, కూడితే 1400 వచ్చిందనీ అనుకోండి. రెండు వారాల్లో బరువు మారలేదు. అంటే ఆమె తింటున్నది 1780కి దగ్గరగా ఉండాలి, పుస్తకంలో దాదాపు నాలుగు వందలు ఎక్కలేదు. ఈ నీళ్ల పద్ధతి వచ్చాక ప్రపంచమంతటా తేలిన సంగతి ఇది. తిన్నది రాసుకునేవాళ్లు, అబద్ధం చెప్పాలని లేకపోయినా, తక్కువే రాస్తారు. పోపులో నూనె, పిల్లల కంచంలో మిగిలితే నోట్లో వేసుకున్న ముద్ద, పక్కింటి ప్రసాదం ఎవరికీ గుర్తుండవు.

మీ చేతికి బీఎంఆర్ రాసిన చీటీ ఇచ్చినవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ఇది నా ఊపిరి నుంచి కొలిచారా, లేక బరువూ ఎత్తూ వయసూ కొట్టి లెక్క కట్టారా? లెక్క కట్టినదైతే ఆ అంకెకు అటూ ఇటూ పది శాతం చోటు వదిలి చూడండి. దాని ఆధారంగా తిండిని సగానికి తగ్గించకండి. తెలియకుండా బరువు పెరుగుతూ, చలికి తట్టుకోలేక, ఎప్పుడూ నీరసంగా ఉంటే చీటీ కోసం కాక థైరాయిడ్ రక్త పరీక్ష కోసం డాక్టరు దగ్గరికి వెళ్లండి.